సంపాదకుని మాట: అంశం వేరు, కథనం వేరు

కొత్త విలేకరుల ఎంపిక ఈ నెలలో పూర్తయింది. ఇంటర్వ్యూలో "ఏ కథనం రాస్తారు?" అంటే ఎక్కువమంది "కౌలు రైతుల కష్టాలు" అన్నారు. అది అంశం, కథనం కాదు. ఒకమ్మాయి మాత్రం ఇలా చెప్పింది: "ఆంధ్రప్రదేశ్ 2019 చట్టంలో సాగుదారు హక్కు పత్రం 11 నెలలకు ఇస్తారు. దానికి భూయజమాని సంతకం కావాలని పెట్టారు. ఒక ఊరు తీసుకుని, పత్రం ఉన్నవాళ్లలో ఎందరికి బ్యాంకు అప్పు పుట్టిందో లెక్కిస్తాను. సంతకం పెట్టనన్న యజమానినీ, బ్యాంకు మేనేజరునూ అడుగుతాను." ఎక్కడికి వెళ్లాలో, ఎవరిని కలవాలో ఆ నాలుగు మాటల్లోనే ఉంది.

రాత పరీక్ష గంటసేపు. మేమే తప్పులు దాచిన ప్రమాద వార్త ఇచ్చాం. "2024 ఆగస్టు 15, మంగళవారం" అని ఉంది. ఆ రోజు గురువారం. "మరణాలు 40 నుంచి 60కి, 20 శాతం పెరిగాయి" అని ఉంది. పెరిగింది 50 శాతం. వీటికి కేలండరు, కాగితం చాలు. అసలు చిక్కు మృతుల సంఖ్య: పోలీసుల మాట 5, ఆసుపత్రి మాట 6. చాలామంది పెద్ద అంకెనే పట్టుకున్నారు (మన పత్రికల పాత జబ్బే). చికిత్స పొందుతూ మరొకరు చనిపోయారా, ఒకే మనిషి పేరు రెండు రకాలుగా నమోదైందా అన్నది రెండు జాబితాల పేర్లూ పోల్చితేనే తేలుతుంది. అంత వ్యవధి లేకపోతే ఎవరు, ఏ వేళకు, ఏ సంఖ్య చెప్పారో రాసి ఊరుకోవాలి.

ఎంపికైనవారి తొలి కథనాలు వచ్చే సంచికలో. అంకె ఏదైనా తేడాగా కనిపిస్తే పేజీ నంబరుతో సహా మాకు రాయండి.