పడిన ఏడాది, లేచిన ఏడాది: సిప్ అసలు లెక్క

2024 అక్టోబర్‌లో సిప్‌ల ద్వారా మ్యూచువల్ ఫండ్లలోకి వచ్చిన సొమ్ము తొలిసారిగా నెలకు 25 వేల కోట్ల రూపాయలు దాటింది. మూడు నెలలు తిరిగేసరికి, 2025 జనవరిలో, కొత్తగా మొదలైన సిప్‌ల కంటే ఆగిపోయినవీ గడువు తీరినవీ కలిపి ఎక్కువగా తేలాయి. ఆ నెలల్లో మార్కెట్ పడుతూ వచ్చింది. సెప్టెంబర్‌లో 26 వేలు దాటిన నిఫ్టీ, మార్చి మొదటి వారానికి 22 వేల దగ్గరకు జారింది. అంటే, ఏ పరిస్థితి కోసమైతే సిప్ పుట్టిందో, సరిగ్గా ఆ పరిస్థితి రాగానే చాలామంది చేతులెత్తేశారు.

సిప్ మంచిదా, ఒకేసారి పెట్టడం మంచిదా అన్న వాదనను ఊహలతో కాకుండా అంకెలతో తేల్చుకోవాలంటే 2008, 2009 సంవత్సరాలను మించిన జంట దొరకదు. మొదటి ఏడాది నిఫ్టీ సగానికి పైగా పడింది. రెండో ఏడాది 75 శాతానికి పైగా లేచింది. ఇండెక్స్ ఫండ్ యూనిట్ ధర నిఫ్టీ అంతే ఉందనుకుందాం. డివిడెండ్లు, ఖర్చులు పక్కన పెడదాం.

2007 ఆఖరి రోజున నిఫ్టీ 6,138. ఆ రోజు లక్షా 20 వేలు ఒకేసారి పెట్టినవాడికి 19.5 యూనిట్లు వచ్చాయి. పక్కింటాయన అదే డబ్బును 2008లో నెలాఖరున పదివేల చొప్పున 12 వాయిదాల్లో పెట్టాడు. జనవరి చివర్లో 5,137 దగ్గర కొన్నాడు. అక్టోబర్ చివర్లో 2,885 దగ్గర, నవంబర్‌లో 2,755 దగ్గర కొన్నాడు. ఏడాది పూర్తయ్యేసరికి ఆయన చేతిలో 30 యూనిట్లున్నాయి. ఆ 12 నెలాఖరు ధరల మామూలు సగటు దాదాపు 4,200. ఆయనకు పడిన సగటు కొనుగోలు ధర మాత్రం 3,990 చిల్లర. ఇందులో మాయ ఏమీ లేదు. ధర తగ్గిన నెలలో అదే పదివేలకు ఎక్కువ యూనిట్లు వస్తాయి కాబట్టి, సగటు తనంతట తానే చౌక నెలలవైపు ఒరుగుతుంది.

ఇప్పుడు అద్దం తిప్పి చూద్దాం. 2008 ఆఖరి రోజున, నిఫ్టీ 2,959 దగ్గర ఉన్నప్పుడు, ఇంకొకరు ధైర్యం చేసి లక్షా 20 వేలూ ఒకేసారి పెట్టారనుకోండి. 40.5 యూనిట్లు వచ్చాయి, ఏడాదికే 2 లక్షల 10 వేలు అయ్యాయి. అదే 2009లో నెలనెలా పదివేలు పెట్టినవాడికి వచ్చిన యూనిట్లు 30. వాటి విలువ లక్షా 57 వేలు.

పడిన ఏడాదిలోనూ సిప్‌కు 30 యూనిట్లే, లేచిన ఏడాదిలోనూ 30 యూనిట్లే. ఏకమొత్తానికి మాత్రం ఒక ఏడాది 19.5, మరో ఏడాది 40.5. రెండు ఏడాదులూ ఇంత దగ్గరగా రావడంలో కొంత యాదృచ్ఛికం లేకపోలేదు. అయినా సిప్ చేసే పని ఏమిటో ఇక్కడ కళ్లకు కడుతుంది. అది లాభం పెంచే యంత్రం కాదు. ఏ రోజున మొదలుపెట్టాం అన్నదానికి ఉన్న బరువును తగ్గించే ఏర్పాటు. 2007 చివర్లో ఒకేసారి పెట్టినవాడు 2009 చివరికి కూడా 15 శాతం నష్టంలోనే ఉన్నాడు. పక్కింటాయన లక్షా 20 వేలు అప్పటికి లక్షా 56 వేలయ్యాయి.

ఈ లాభం ఎక్కడి నుంచి వచ్చిందో విడదీసి చూస్తే 2025లో ఆపేసినవాళ్లు ఏం వదులుకున్నారో అర్థమవుతుంది. ఆయన 2008 సెప్టెంబర్ వరకు తొమ్మిది వాయిదాలు కట్టి, లేమన్ బ్రదర్స్ కుప్పకూలిన తర్వాతి వార్తలు చూసి భయపడి ఆపేశాడనుకోండి. 90 వేలకు 19.6 యూనిట్లు మిగిలేవి. 2009 చివరికి లాభం 12 వేల లోపే. తర్వాతి మూడు వాయిదాలు, అంటే కేవలం 30 వేలు, ఆయనకు పదిన్నర యూనిట్లు తెచ్చాయి. వాటి మీదే 24 వేలకు పైగా లాభం వచ్చింది. మొత్తం లాభంలో మూడింట రెండు వంతులు, పేపర్ తెరవాలంటేనే భయపడిన ఆ మూడు నెలలదే.

ఇంతవరకు చదివి సిప్‌దే గెలుపని తేల్చేస్తే పొరపాటు. మార్కెట్ పడిన ఏడాదుల కంటే లేచిన ఏడాదులే ఎక్కువ కాబట్టి, చేతిలో డబ్బు ఉండి కూడా వాయిదాల్లో పెట్టేవాడు ఎక్కువసార్లు కొంత నష్టపోతాడు. అమెరికా, బ్రిటన్, ఆస్ట్రేలియా మార్కెట్ల మీద వాన్‌గార్డ్ సంస్థ 2012లో వెలువరించిన అధ్యయనంలో దాదాపు మూడింట రెండు సార్లు ఏకమొత్తమే పైచేయి సాధించింది. అసలు నెలజీతం మీద బతికేవారికి ఈ పోటీయే లేదు. వాళ్ల దగ్గర ఏకమొత్తం ఎక్కడుంది? జీతం నెలనెలా వస్తుంది, పెట్టుబడీ నెలనెలా పెడతారు. ప్రశ్న ఎదురయ్యేది పొలం అమ్మినవారికి, భూసేకరణ పరిహారం అందుకున్నవారికి, రిటైరై గ్రాట్యుటీ చేతికొచ్చినవారికి.

అలాంటివారికి ఏజెంట్లు సాధారణంగా ఎస్‌టీపీ చెబుతారు. మొత్తం డబ్బును లిక్విడ్ ఫండ్‌లో ఉంచి, అక్కడి నుంచి నెలకింత చొప్పున ఈక్విటీ ఫండ్‌లోకి మళ్లించడమే అది. మళ్లించిన ప్రతిసారీ లిక్విడ్ ఫండ్ యూనిట్లు అమ్మినట్టే లెక్క కాబట్టి వాటి మీద వచ్చిన లాభానికి పన్ను ఉంటుందన్న మాట చాలామంది చెప్పరు. అయినా పద్ధతి సమంజసమైనదే. ఏకమొత్తం పెట్టిన మరుసటి నెలే మార్కెట్ 30 శాతం పడితే, ఆ దెబ్బకు మొత్తం తీసేసుకుని మళ్లీ ఫండ్ల మొహం చూడనివారు ఎందరో. లెక్కలో కాస్త తక్కువ వచ్చినా, నిలబడగలిగే పద్ధతే వాళ్లకు మేలు.

కానీ ఈ రక్షణకు గడువుంది. 2007లో 12 వాయిదాల్లో బుద్ధిగా పెట్టుబడి పూర్తి చేసినవాడి సంగతి చూడండి. ఆ ఏడాది నెలాఖరు ధరలన్నీ 2008 చివరి ధర కంటే పైనే. ఒక్క వాయిదా కూడా నష్టం తప్పించుకోలేదు. డబ్బంతా లోపలికి వెళ్లాక, అది విడతలుగా వెళ్లిందా ఒకేసారి వెళ్లిందా అన్నది మార్కెట్‌కు పట్టదు.

దీర్ఘకాలపు సిప్‌లకూ ఇదే వర్తిస్తుంది. 15 ఏళ్లుగా నెలకు పదివేలు కడుతున్నవారి నిధి 40 లక్షలకు చేరిందనుకుందాం. మార్కెట్ 30 శాతం పడితే 12 లక్షలు ఆవిరి. ఆ నెల కట్టే పదివేలు ఎంత చౌకగా కొన్నా సగటును కదిలించలేవు. పేరుకు సిప్ అయినా, స్వభావంలో అది ఏకమొత్తమే. 2020 మార్చి 23న నిఫ్టీ 7,610 దగ్గర ముగిసింది. అప్పటికి అయిదేళ్లుగా నెలాఖరున కడుతూ వచ్చినవారి వాయిదాల్లో ఆ ధర కంటే చౌకగా కొన్నవి రెండే, 2016 జనవరి, ఫిబ్రవరిలవి. మిగతావన్నీ నష్టంలో ఉన్నాయి. ఆగకుండా కట్టినవారు ఆ నవంబర్‌ చివరికి నిఫ్టీని 12,900 పైన చూశారు. కానీ ఆ ఏప్రిల్‌లోనే కూతురి ఇంజనీరింగ్ ఫీజుకో, ఇంటి అడ్వాన్సుకో డబ్బు కావలసినవారికి నవంబర్ దాకా ఆగే వీలు లేదు.

అందుకే మొదలుపెట్టేటప్పుడు వాడే ఎస్‌టీపీని ముగింపులో తిరగేసి వాడాలి. డబ్బు అవసరమయ్యే తేదీకి రెండు మూడేళ్ల ముందు నుంచే ఈక్విటీ ఫండ్ నుంచి లిక్విడ్ ఫండ్‌లోకి నెలనెలా మళ్లిస్తూ రావాలి. ఫండ్ సంస్థల ఫారంలో ఈ రెండింటికీ ఒకే పేజీ. ఎక్కడి నుంచి ఎక్కడికి అన్న గడుల్లో పేర్లు మారతాయి, అంతే.