జీతం ఒక్కటే అయినప్పుడు దేన్ని ముందు పెట్టాలి?

మన హాస్టళ్లలో ఇప్పుడు రెండు పరీక్షల పుస్తకాలే చేతులు మారుతున్నాయి: కానిస్టేబుల్, ఫారెస్ట్ బీట్ ఆఫీసర్. ఆంధ్రలో రెండింటి స్కేలూ 25,220 రూపాయల దగ్గరే మొదలవుతుంది. ఇంట్లో అడుగుదామంటే ఈ దారిన నడిచినవాళ్లు లేరు. అందుకే "ఏది ముందొస్తే అది" అనేసుకుంటున్నాం.

భద్రత, స్వేచ్ఛ, సేవ అని రాసుకుని మార్కులు వేసి చూశాం. రెండూ పర్మనెంటే కాబట్టి భద్రతకి రెండు చోట్లా ఒకే మార్కు. మనకది ఎంత ముఖ్యమైనా ఇక్కడ ఏమీ తేల్చదు, కొట్టేయాలి. (పక్కన కాంట్రాక్టు టీచరు పోస్టు ఉంటే లెక్క వేరు.)

స్వేచ్ఛలో బీటే పైన. అడవిలో ఏ వైపు తిరగాలో చాలా రోజులు తనే చూసుకోవచ్చు. కానిస్టేబుల్‌ బందోబస్తు ఎక్కడ వేస్తే అక్కడికి పోవాల్సిందే.

చిక్కంతా సేవ దగ్గరే. అడవిని కాపాడటం సేవే, కాదనం. కానీ అటవీ హక్కుల చట్టం 2005 డిసెంబర్ 13కి ముందు నుంచి సాగులో ఉన్న పోడుకే హక్కు ఇస్తుంది. ఆ తర్వాత అడవి నరికిన మామ మీద కేసు రాయాల్సింది బీట్ ఆఫీసరే. అదే స్టేషన్‌లో మన భాష వచ్చిన కానిస్టేబుల్ ఉంటే, తెలుగు రాక ఫిర్యాదు చెప్పుకోలేని అవ్వ మాట రాతలోకి వస్తుంది. కాబట్టి 'సేవ' అని ఊరికే రాస్తే చాలదు, ఎవరికి, ఏ పనితో అని కూడా రాయాలి.

మేం సేవకే ఎక్కువ బరువు వేశాం, మాకు కానిస్టేబుల్ ముందొచ్చింది. స్వేచ్ఛే ప్రాణమనుకునేవాళ్లకు బీటే ముందు వస్తుంది, మామ మీద కేసు రాయగలిగితే.