బేరంలో తేదీ కూడా ఉంది

పండగ సరుకు కోసం బట్టల కొట్టు యజమాని మంగళగిరిలో మాస్టర్ వీవర్ ఇంటికి వెళ్తే రెండు సంగతులు తప్పక మాటల్లోకి వస్తాయి. ధర ఎంత తగ్గిస్తారన్నది ఒకటి, డబ్బు ఎన్నాళ్లకు ముడుతుందన్నది రెండోది. చాలామంది మొదటిదాని మీద గంటసేపు పట్టుబట్టి, రెండోదాన్ని లేచి వెళ్లేటప్పుడు గుమ్మం దగ్గర తేల్చేస్తారు. ‘ఎప్పటిలాగే రెండు నెలలు చూసుకోండి’ అనేసి చెప్పులు వేసుకుంటారు. నిజానికి ఈ రెండూ ఒకే లెక్కలోని అంకెలు. కలిపి మాట్లాడితే ఇద్దరికీ మిగిలేది విడదీసినప్పుడు ఒకరి దగ్గర నుంచి లాక్కోవలసి వస్తుంది.

మాస్టర్ వీవర్ డబ్బు ఏ దారిన పోతుందో ముందు చూడాలి. నూలు, జరీ, రంగులు ఆయనే కొని పడుగు, పేక నేతగాళ్లకు ఇస్తాడు. చీర మగ్గం దిగగానే కూలి ఇవ్వాలి. ఇల్లు ఆ కూలి మీదే గడుస్తుంది కాబట్టి దాన్ని వాయిదా వేయడం కుదరదు. అంటే చీర మన కొట్టు అరలోకి చేరేసరికే ఆయన పెట్టాల్సిందంతా పెట్టేసి ఉంటాడు. మనం అరువు పెట్టిన రోజుల్లో ఆయన మరో చోట అప్పు తెచ్చి తర్వాతి పడుగులు వేయిస్తాడు.

లెక్క కోసం ఒక బేరం అనుకుందాం. చీర 1,600 రూపాయల చొప్పున 50 చీరలు, మొత్తం 80,000. అలవాటైన గడువు రెండు నెలలు. కొట్టు యజమాని నూటికి ఎనిమిది తగ్గించమంటాడు, అంటే 6,400. మాస్టర్ వీవర్ బయట రెండు రూపాయల వడ్డీకి తెచ్చి తిప్పుతున్నాడనుకుంటే, ఆ 80,000 మీద రెండు నెలలకు ఆయనకయ్యే వడ్డీ 3,200. కొట్టు యజమానికి బ్యాంకులో ఓడీ ఉంటుంది. ఏడాదికి 12 శాతం వడ్డీ అనుకుంటే అదే డబ్బు, అవే రెండు నెలలకు ఆయనకయ్యేది 1,600. అంటే సరుకు దిగిన రోజే డబ్బు వేస్తే కొట్టుకు పడే భారం 1,600, నేయించేవాడికి మిగిలేది 3,200. ఈ రెండు అంకెల మధ్య ఎక్కడ తెగినా ఇద్దరికీ లాభమే. నూటికి మూడు, అంటే 2,400 దగ్గర తెగితే చెరో 800 చొప్పున మిగులుతుంది. ఆ డబ్బు ఎవరి కూలిలోంచీ రాదు, వడ్డీ వ్యాపారికి పోవలసింది ఆగుతుంది, అంతే.

అదే 6,400 కోసం పట్టుబడితే మిగతా 4,000 ఎక్కడి నుంచి రావాలి? చీరకు 80 రూపాయలు. ఆయన కాదనలేక ఒప్పుకుంటే అది కూలిలోంచైనా రావాలి, సరుకులోంచైనా రావాలి. సరుకులోంచి వచ్చినప్పుడు తెలుసుకోవడం కష్టం కాదు. చీరను వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే పేక ఒత్తుగా కొట్టలేదని కనిపిస్తుంది. ఇంకా ఆలస్యంగా, మొదటి ఉతుకులో రంగు దిగినప్పుడు తెలుస్తుంది. ఆ చీర పట్టుకుని కొనుక్కున్నావిడ వచ్చేది మన కొట్టుకే. కూలిలోంచి వచ్చిన తగ్గింపు మాత్రం మన కంట పడదు. అందుకే దాని గురించి మరింత ఆలోచించాలనిపిస్తుంది.

అడిగే తీరులోనే సగం ఉంది. ఏళ్ల తరబడి సరుకు తెచ్చుకుంటున్న ఒకావిడ పెద్దాయనతో ఇలా అనొచ్చు: ‘బాబాయ్, ఈసారి డబ్బు సరుకు దిగిన రోజే మీ ఖాతాలో వేస్తాను. దానివల్ల మీకు వడ్డీ ఎంత మిగులుతుందో మీరే చూడండి. అందులో నాకెంత ఇవ్వగలరో మీరే చెప్పండి.’ ఆ తర్వాత ఆగాలి. ఆయన నూటికి రెండే అంటే, 1,600 అంటే, అది మన ఓడీ వడ్డీతో సరిపోతుంది. మనకు లాభమూ లేదు, నష్టమూ లేదు. ‘ఇంకొక్కటి చూడండి బాబాయ్, నాకూ బ్యాంకు వడ్డీ ఉంది’ అని కారణంతో అడగడంలో తప్పు లేదు. పక్క ఊరి షావుకారు తక్కువకిస్తున్నాడన్న మాట, అదీ ఆయన నేతగాళ్లు వింటుండగా, అనకపోవడమే మంచిది. అది నిజమే అయినా, వాళ్ల ముందు ఆయన మనకు తగ్గించలేడు, వాళ్లకు పెంచనూ లేడు.

రోజు లెక్కే కాక ఇవ్వదగ్గవి ఇంకా ఉన్నాయి. పడుగుకు ఒకసారి వేసిన రంగు ఆ పడుగు మీద దిగే చీరలన్నింటికీ అదే. రంగుకు రెండేసి చొప్పున ఏరుకోకుండా పడుగంతా మనమే తీసుకుంటే మిగిలినవి ఎవరికి అమ్మాలన్న బెంగ ఆయనకుండదు. బేరాలు పల్చబడిన నెలల్లో పని చెబితే మగ్గాలు ఖాళీ పడవు. ఇవి ఇచ్చి అడిగిన తగ్గింపు సులభంగానే వస్తుంది. అయితే అడగాల్సింది పని చెప్పే ముందు. మూట విప్పాక, బిల్లు చేతిలో పెట్టాక కోత వేయడం బేరం కిందికి రాదు. బిల్లులోనే తగ్గింపు చూపిస్తే జీఎస్‌టీ కూడా తగ్గిన ధర మీదే పడుతుంది. లెక్క అక్కడితో శుభ్రంగా ముగుస్తుంది.

చేతిలో డబ్బు లేని కొట్టు కూడా ఉంటుంది. అలాంటప్పుడు తగ్గింపు వదిలేసి గడువు మాత్రమే అడగడం న్యాయం. ఆ గడువుకూ ఒక హద్దుంది. 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్య తరహా సంస్థల చట్టం ప్రకారం ఉద్యమ్ నమోదు ఉన్న సూక్ష్మ, చిన్న ఉత్పత్తిదారుకు రాతపూర్వక ఒప్పందం ఉంటే 45 రోజుల్లోపు, లేకుంటే 15 రోజుల్లోపు చెల్లించాలి. దాటితే రిజర్వు బ్యాంకు బ్యాంక్ రేటుకు మూడింతల వడ్డీ, నెలనెలా చక్రవడ్డీగా పడుతుంది. 2023-24 ఆర్థిక సంవత్సరం నుంచి మరో మెలిక కూడా వచ్చింది. గడువు దాటి బాకీ ఉంచిన కొనుగోలు, డబ్బు నిజంగా చెల్లించిన ఏడాదిలోనే ఆదాయపు పన్ను లెక్కలో ఖర్చు కింద చెల్లుతుంది. మాస్టర్ వీవర్‌కు ఆ నమోదు ఉంటే, మనం అలవాటుగా చెప్పే ‘రెండు నెలలు’ చట్టం ఒప్పనిది. కొట్టు చేజారుతుందన్న భయంతో ఆయన ఎప్పుడూ ఈ మాట ఎత్తడు. ఎత్తడు కాబట్టే మనమే ముందు 45 రోజులని కాగితం మీద రాసివ్వాలి.

వడ్డీకి అప్పు లేని మాస్టర్ వీవర్ దగ్గర పై లెక్క అంతగా పనిచేయదు. తొందరగా వచ్చే డబ్బు ఆయనకంత అవసరం కాదు. అక్కడ పడుగు మొత్తం తీసుకునే మాట, ఖాళీ నెలల పని మాట ఎక్కువ నడుస్తాయి. ఆయనకేం కావాలో అడగకుండా ఇది తెలియదు.

ఇక మాట తప్పే పరిస్థితి వస్తే? సరుకు దిగిన రోజే డబ్బు వేస్తామని నూటికి మూడు తగ్గించుకున్నాం, ఆ వారం అమ్మకాలు లేవనుకుందాం. సరుకు బండి ఎక్కకముందే ఫోన్ చేసి, ఇవాళ ఇంత, మిగతాది ఫలానా తేదీకి అని చెప్పాలి. తగ్గింపు ఆ రోజు డబ్బు వేస్తామన్న మాటకు వచ్చింది కాబట్టి, వెనకబడిన మొత్తం మీద తగ్గించిన నూటికి మూడు తిరిగి కలుపుకోమని మనమే అడగాలి. బిల్లు అప్పటికే అయిపోయి ఉంటే ఆ తేడాకు ఆయన డెబిట్ నోట్ ఇస్తాడు. సగం డబ్బు ఆగితే అది 1,200 రూపాయలు.