సిక్స్‌కి ఒక శాతం వద్దు, 6:30 లోపు చెబితే ఒక ప్లేటు చాలు

ఐపీఎల్ మొదలైతే మన హాస్టల్ గ్రూపుల్లో రెండే రకాల మెసేజ్‌లు తిరుగుతాయి. ఒకటి స్కోరు, రెండోది బజ్జీల కొట్ల ఆఫర్లు. ఆ రెండో రకాన్ని ఒకసారి శ్రద్ధగా చదవండి. "మ్యాచ్ ధమాకా", "సిక్సర్ల జాతర", "ఫ్లాట్ 30 శాతం", చుట్టూ బోలెడు బ్యాట్లూ బంతులూ. ఏం పంపుతారు, ఎన్నింటికి వస్తుంది, ఎంత దూరం వరకు తెస్తారు అన్నది మాత్రం ఎక్కడో అడుగున ఉంటుంది. కొన్నిసార్లు అసలు ఉండదు.

నా అభిప్రాయం సూటిగా చెప్పేస్తాను. మ్యాచ్ రోజు ఇంటికి తెప్పించుకునేవాడు కొనేది డిస్కౌంట్ కాదు, టైమ్. మొదటి బాల్ పడేసరికి వేడి బజ్జీ చేతిలో ఉండాలి, అంతే. కాబట్టి చిన్న కొట్టు రాసే ఆఫర్ టైమ్ గురించి ఉండాలి. ఇచ్చే తగ్గింపు కూడా కొట్టుకి పనికొచ్చే ఏదో ఒక అలవాటుని కస్టమర్ చేత చేయించాలి. ఊరికే ఇచ్చే శాతం ఎవరికీ మేలు చేయదు.

ముందు అందరికీ ఇష్టమైన ఆఫర్ తీసుకుందాం: "మ్యాచ్‌లో పడే ప్రతి సిక్స్‌కి ఒక శాతం తగ్గింపు." వినడానికి భలే ఉంటుంది. రాసేవాడి మనసులో ఓ పది, పదిహేను సిక్స్‌లు ఉంటాయి. కానీ 2024 మార్చి 27న ఉప్పల్‌లో సన్‌రైజర్స్, ముంబై ఆడిన మ్యాచ్ గుర్తుందా? సన్‌రైజర్స్ 277 కొట్టిన రోజు. రెండు జట్లూ కలిపి 38 సిక్స్‌లు. అంటే 38 శాతం తగ్గింపు.

ఇది ఒక చిన్న కొట్టుకి ఏమవుతుందో లెక్క వేద్దాం. అంకెలు నేను ఉదాహరణకి తీసుకున్నవే. ఆరు మిర్చి బజ్జీలు, ఒక ప్లేటు పునుగులు, పల్లీ చట్నీ కలిపి ఒక కాంబో, ధర 120 రూపాయలు. శనగపిండి, మిర్చి, నూనె, గ్యాస్, ప్యాకింగ్ అన్నీ కలిపి 60. బండి మీద తీసుకెళ్లే కుర్రాడికి ఆర్డర్‌కి 20. మిగిలేది 40. అందులోంచే అద్దె, కరెంటు, వేయించే మనిషి జీతం రావాలి. 38 శాతం తగ్గిస్తే చేతికొచ్చేది 74 రూపాయల చిల్లర, ఖర్చు 80. అంటే జనం ఎగబడి కొన్న రోజే, ప్రతి కాంబో మీదా ఐదున్నర రూపాయలు ఎదురు పెట్టుకున్నట్టు. ఎంత ఎక్కువ అమ్మితే అంత ఎక్కువ నష్టం.

ఇంకో చిక్కు ఉంది, దీన్ని ఎవరూ ముందు ఆలోచించరు. ఆర్డర్ ఏడింటికి వస్తుంది, సిక్స్‌లు ఏడున్నర తర్వాత పడతాయి. మరి తగ్గింపు ఎప్పుడు ఇస్తారు? మ్యాచ్ అయ్యాక రాత్రి పదకొండున్నరకి, గిన్నెలు కడిగే టైమ్‌లో, ఒక్కొక్కరి నంబర్ వెతికి డబ్బు వెనక్కి వేయాలి. ఇద్దరికి మరిచిపోతే చాలు, మర్నాడు గ్రూపులో "మోసం" అని మెసేజ్ వస్తుంది.

అయితే శాతం బదులు ఏం ఇవ్వాలి? కొట్టుకి ఎక్కడ మిగులుతుందో అక్కడి నుంచి తీసి ఇవ్వాలి. ఒకే ఇంటికి రెండు కాంబోలు వెళ్తే కుర్రాడు ఒక్కసారే మెట్లెక్కుతాడు. విడివిడిగా రెండు ఆర్డర్లు అయితే కొట్టుకి మిగిలేది 80. ఒకే ఆర్డర్ అయితే 240లో ఖర్చు 120, డెలివరీ 20 పోను 100 మిగులుతుంది. ఆ అదనపు ఇరవైలోంచి ఇంకో ప్లేటు పునుగులు ఫ్రీగా ఇవ్వొచ్చు. దానికి కొట్టుకి అయ్యేది ఓ 15 రూపాయలు, తినేవాడి కంటికి అది 40 రూపాయల ప్లేటు. అదే పది శాతం తగ్గింపు అయితే 24 రూపాయలు పోతాయి, తీసుకున్నవాడికి గుర్తు కూడా ఉండదు. పునుగుల పొట్లం మాత్రం కళ్లముందు ఉంటుంది, రూమ్‌లో నలుగురూ చూస్తారు.

ఇప్పుడు అసలు విషయం, టైమ్. రాత్రి మ్యాచ్‌కి ఏడింటికి టాస్, ఏడున్నరకి మొదటి బాల్. టీమ్ ఏదో తేలాక అందరికీ ఒకేసారి ఆకలి గుర్తొస్తుంది. ఏడుంబావుకి పాతిక ఫోన్లు. కొట్టులో బజ్జీలకి మూకుడు ఒక్కటే. వాయికి 18 బజ్జీలు, పచ్చి పిండి నుంచి వేయిస్తే ఆరు నిమిషాలు అనుకుందాం. అరగంటలో ఐదు వాయలు, 90 బజ్జీలు, అంటే 15 కాంబోలు. మిగతావాళ్లకి బజ్జీ ఎనిమిదింటికి, పవర్‌ప్లే అయిపోయాక వస్తుంది. అప్పుడు తిట్లు ఎవరికి? ఎండలో నిలబడినట్టు మూకుడు ముందు నిలబడ్డ మనిషికి.

బజ్జీలు వేసేవాళ్లకి దీనికో పద్ధతి ఎప్పటి నుంచో తెలుసు. ముందు సగం వేయించి పక్కన పెట్టుకుంటారు, అడిగినప్పుడు రెండోసారి నూనెలో వేసి ఎర్రగా తీస్తారు. రెండోసారికి మూడు నిమిషాలు చాలనుకుంటే అదే అరగంటలో 30 కాంబోలు వెళ్తాయి. కానీ సగం వేయించినవి ఎన్ని పెట్టుకోవాలో ముందే తెలియాలి. ఎక్కువ పెడితే మిగిలిపోతాయి, తక్కువ పెడితే మళ్లీ మొదటికొస్తుంది. అందుకే కొట్టుకి అన్నిటికంటే విలువైనది ముందుగా వచ్చిన ఆర్డర్. ఫ్రీ ప్లేటుని దానికి కట్టాలి: ఆరున్నర లోపు చెప్పినవాళ్లకే.

ఎన్ని ఆర్డర్లు ఒప్పుకోవాలన్నది కూడా మెసేజ్‌లోనే చెప్పేయాలి. కుర్రాళ్లు ఇద్దరు, ఒక్కో ట్రిప్‌లో నాలుగు ఇళ్లు, మ్యాచ్ ముందు రెండేసి ట్రిప్పులు. అంటే 16 ఇళ్లు. మూకుడు 30 కాంబోలు ఇస్తుంది, ఇంటికి రెండు చొప్పున 15 ఇళ్లు. రెంటిలో తక్కువది 15, కాబట్టి మాట ఇవ్వాల్సింది 15కే. మన క్లాసులో బాటిల్‌నెక్ అని చదువుకున్నది ఇదే. ఎవరైనా నాలుగు కాంబోలు అడిగితే రెండు ఆర్డర్ల కింద రాసుకోవాలి.

ఇవన్నీ కలిపితే మెసేజ్ ఇలా ఉంటుందని నా ఉద్దేశం:

"ఈ రోజు 7:30 మ్యాచ్. 6:30 లోపు చెప్పండి, మొదటి బాల్‌కి ముందే వేడి బజ్జీలు మీ గుమ్మంలో.
మ్యాచ్ కాంబో: 6 మిర్చి బజ్జీలు, పునుగులు, పల్లీ చట్నీ. 120 రూపాయలు.
6:30 లోపు రెండు కాంబోలు చెబితే ఇంకో ప్లేటు పునుగులు మా తరఫున.
రెండు కిలోమీటర్ల లోపే. మొదటి 15 ఆర్డర్లకే. ఆ తర్వాత చెప్పినవి 8:15 తర్వాత వస్తాయి."

నోటిఫికేషన్‌లో మొదటి ఒకటి రెండు లైన్లే కనిపిస్తాయి కాబట్టి టైమ్ అక్కడే ఉంది. "రెండు కిలోమీటర్ల లోపే" అన్నది పిసినారితనం కాదు. మూసిన డబ్బాలో బజ్జీ తన ఆవిరికే తాను మెత్తబడిపోతుంది. డబ్బాకి రెండు చిల్లులు పెట్టినా ఎక్కువ దూరం వెళ్తే కరకర ఉండదు. చివరి లైన్ నాకు అన్నిటికంటే ఇష్టం. ఆలస్యమవుతుందని ముందే చెప్పినవాడిని ఎవరూ తిట్టరు.

కొందరు "ఇన్నింగ్స్ బ్రేక్‌కి వేడివేడిగా" అని రెండో ఆఫర్ కూడా పెడతారు. ఐడియా మంచిదే, మాటే ప్రమాదం. ఎందుకంటే బ్రేక్ ఎన్నింటికి వస్తుందో ఎవరి చేతిలోనూ ఉండదు. 2024 ఫైనల్ చూడండి. చెన్నైలో సన్‌రైజర్స్ 18.3 ఓవర్లలో 113కే ఆలౌట్, కోల్‌కతా 10.3 ఓవర్లలో కొట్టేసింది. మామూలు మ్యాచ్ లెక్కతో రెండో ఇన్నింగ్స్‌కి బజ్జీలు పంపినవాడి బండి గేటు దగ్గరికి వచ్చేసరికి ఇక్కడ టీవీలు ఆపేసి ఉంటారు. వర్షం పడితే ఇంకో కథ. అందుకే బ్రేక్ అని కాకుండా గడియారం రాయాలి: "8:45 లోపు చెబితే 9:15 నుంచి 9:45 మధ్య వస్తుంది." మ్యాచ్ ఎటు పోయినా కొట్టు మాట నిలబడుతుంది.

పోస్టర్ గురించి ఒక్క మాట. జట్ల లోగోలు, ఆటగాళ్ల ఫొటోలు నెట్‌లోంచి తీసి అతికించడం మన దగ్గర మామూలైపోయింది. ఆ పేర్లూ లోగోలూ ట్రేడ్‌మార్కులు, అనుమతి లేకుండా అమ్మకానికి వాడుకునేవి కావు. "మ్యాచ్ డే" అంటే అందరికీ అర్థమవుతుంది. పైగా లోగో ఉండాల్సిన చోట బజ్జీ ఫొటో పెడితే కడుపు కూడా స్పందిస్తుంది.

"ఇంత లెక్కగా రాస్తే సరదా ఏముంది బ్రో?" అని మీరు అనొచ్చు. నిజమే, సిక్స్ పడగానే మనకీ ఏదో వచ్చిందన్న కిక్ వేరు. దాన్ని కూడా కొట్టుకి తట్టుకోగలిగేలా పెట్టొచ్చు: "మన హైదరాబాద్ గెలిస్తే, ఈ రోజు ఆర్డర్ చేసినవాళ్లకి రేపు 4 నుంచి 6 మధ్య కొట్టు దగ్గర ఒక ప్లేటు పునుగులు ఫ్రీ." ఖర్చు ఎంతో ముందే తెలుసు, ప్లేటుకి 15 రూపాయలు మించదు. రాత్రి ఎవరికీ డబ్బు వెనక్కి వేయక్కర్లేదు. ఖాళీగా ఉండే టైమ్‌లో మనుషులు వస్తారు, వచ్చినవాళ్లు టీ కూడా తాగుతారు.

మనలో చాలామందికి డిజైన్ యాప్‌లు వచ్చు, దగ్గర్లోని కొట్టువాళ్లు "తమ్ముడూ, ఒక పోస్టర్ చేసి పెట్టవా" అని అడుగుతూనే ఉంటారు. ఈసారి అడిగితే ఫాంట్ గురించి తర్వాత మాట్లాడండి. ముందు అన్నని మూడు ప్రశ్నలు అడగండి: వాయికి ఎన్ని దిగుతాయి, బండ్లు ఎన్ని, కాంబో మీద ఎంత మిగులుతుంది. ఆ మూడు జవాబులు తెలియకుండా రాసిన ఆఫర్‌కి ఆ రాత్రి మూల్యం కట్టేది మనం కాదు, మూకుడు ముందున్న మనిషి.