మళ్లీ చదివించే ముందు సిలబస్ చదవండి

చెన్నై నుంచి ఉత్తరంగా కలకత్తా రహదారి పట్టుకుంటే గుమ్మిడిపూండి రాకముందే కవరైపేట్టై వస్తుంది. ఆర్.ఎం.కె., ఆర్.ఎం.డి. ఇంజనీరింగ్ కళాశాలలున్న ఊరది. అదే దారిన ఇంకొంత దూరం పోయి ఆరంబాక్కం దాటితే తడ, అంటే ఆంధ్రప్రదేశ్. రోడ్డు ఒక్కటే అయినా చదువుల లెక్క హద్దు దగ్గర మారిపోతుంది. ఇటు అన్నా విశ్వవిద్యాలయం, అటు అనంతపురం జేఎన్‌టీయూ. అక్కడ ఒక ఏడాది బీటెక్ చదివి, ఇంటి పరిస్థితి వల్లనో బ్రాంచి నచ్చకనో ఇటు వచ్చి చేరిన విద్యార్థి ముందుగా రాయాల్సిన ఉత్తరం ఒకటుంది. ఫలానా సబ్జెక్టు నేను ఇంతకుముందే పాసయ్యాను, మళ్లీ చదవకుండా క్రెడిట్ల మినహాయింపు ఇప్పించండి, రెండు సిలబస్‌ల పోలిక జతచేస్తున్నాను అన్నది దాని సారాంశం. ఇలాంటి ఉత్తరాన్ని సబ్జెక్టు పేరు, క్రెడిట్ల సంఖ్య చూసి ఆఫీసు బల్ల దగ్గరే తేల్చేయకూడదని మా అభిప్రాయం. ఆ సబ్జెక్టు చెప్పే అధ్యాపకుడు యూనిట్ వారీగా చదివి నిర్ణయించాలి. కొంత భాగమే సరిపోతే ఆ మేరకే మినహాయింపు ఇవ్వాలి. ఇచ్చినా ఇవ్వకపోయినా కారణం కాగితం మీద రాయాలి.

ఎందుకో ఒక ఉదాహరణతో చూద్దాం. జేఎన్‌టీయూ 2023 రెగ్యులేషన్లలో మొదటి సెమిస్టర్ గణితం పేరు 'లీనియర్ ఆల్జీబ్రా అండ్ కాల్క్యులస్', మూడు క్రెడిట్లు. అన్నా విశ్వవిద్యాలయం 2021 రెగ్యులేషన్లలో దానికి ఎదురుగా నిలిచేది 'మాట్రిసెస్ అండ్ కాల్క్యులస్'. వారానికి మూడు పాఠాలు, ఒక ట్యుటోరియల్ కలిపి నాలుగు క్రెడిట్లు, మొత్తం అరవై పీరియడ్లు. (స్వయంప్రతిపత్తి ఉన్న కళాశాలలు సొంత సిలబస్ వేసుకుంటాయి కాబట్టి అక్కడ పోల్చాల్సింది ఆ కళాశాల పుస్తకంతోనే.) బల్ల దగ్గర తేల్చేవారికి కనిపించేవి రెండే: పేరు కొంచెం వేరు, క్రెడిట్లలో ఒకటి తక్కువ. కుదరదని రాయడానికి అవి చాలు. యూనిట్లు తెరిస్తే వేరే చిత్రం కనిపిస్తుంది. అన్నా మొదటి యూనిట్‌లో ఉన్న ఐగెన్ విలువలు, కేలీ-హామిల్టన్ సిద్ధాంతం, క్వాడ్రాటిక్ ఫారాన్ని కెనానికల్ రూపంలోకి తేవడం దాదాపు అన్నీ జేఎన్‌టీయూ రెండో యూనిట్‌లో ఉన్నాయి. అన్నా మూడో యూనిట్‌లోని పాక్షిక అవకలనాలు, జాకోబియన్లు, రెండు చలరాశులకు టేలర్ శ్రేణి, లగ్రాంజ్ గుణకాల పద్ధతి జేఎన్‌టీయూ నాలుగో యూనిట్‌లో దొరుకుతాయి. ద్వి, త్రి సమాకలనాలు రెండు చోట్లా అయిదో యూనిటే. ఇక్కడ హోమోజీనియస్ ఫంక్షన్ల మీద ఆయిలర్ సిద్ధాంతం అదనం, అక్కడ స్థూపాకార, గోళాకార నిరూపకాలను పేరుపెట్టి చెప్పారు. అయిదింటిలో మూడు యూనిట్లు నిస్సందేహంగా ఒకటే.

తేడా రెండో, నాలుగో యూనిట్లలో ఉంది. అన్నా రెండో యూనిట్ పరిమితి, అవిచ్ఛిన్నత, అవకలనం, ఒక చలరాశి ఫంక్షన్‌కు గరిష్ఠ కనిష్ఠాలు. దానికి బదులు జేఎన్‌టీయూ రోల్, లగ్రాంజ్, కోషీ మధ్యమ విలువ సిద్ధాంతాలు పెట్టింది. అవకలనం తెలియకుండా అవి చదవలేరు కాబట్టి ఈ తేడా పెద్దది కాదు. అన్నా నాలుగో యూనిట్ ఒక చలరాశి సమాకలన గణితం. అది జేఎన్‌టీయూ పేపర్‌లో ఎక్కడా లేదు. లేకపోవడానికి కారణం కూడా కనిపిస్తూనే ఉంది. ప్రతిక్షేపణ, విభాగ సమాకలనం, పాక్షిక భిన్నాలు ఆంధ్ర ఇంటర్మీడియట్ గణితంలో చెప్పే పాఠాలు. ఇంటర్‌లో చదివినదానికి ఇంజనీరింగ్ క్రెడిట్ అడగడం న్యాయం కాదు, అలా ఇవ్వమని మేమూ అనం. కానీ ఆ నేపథ్యం తెలిస్తే మిగిలిన ఖాళీ ఎంత చిన్నదో తెలుస్తుంది: ఇంప్రాపర్ ఇంటిగ్రల్స్, ద్రవపీడన బలం, ద్రవ్యరాశి కేంద్రం వంటి అనువర్తనాలు. నాలుగో యూనిట్ పన్నెండు పీరియడ్లదే. ఆ ఒక్క యూనిట్‌కు హాజరై దాని మీద పరీక్ష రాయమంటే సరిపోయే చోట అరవై పీరియడ్లూ మళ్లీ కూర్చోబెట్టడం దేనికి?

ఇదే పోలికలో ఇంకో విషయం సాధారణంగా ఎవరి కంటా పడదు. జేఎన్‌టీయూ మొదటి యూనిట్‌లో మాత్రిక రాంక్, గాస్ ఎలిమినేషన్, జాకోబి, గాస్-సైడల్ పద్ధతులున్నాయి. అన్నా 'మాట్రిసెస్ అండ్ కాల్క్యులస్'లో వీటికి చోటు లేదు కాబట్టి ఒక సబ్జెక్టుకు ఎదురుగా ఒక సబ్జెక్టునే పెట్టి చూసేవారికి అది వృథా పోయిన యూనిట్. నిజానికి గాస్ ఎలిమినేషన్, గాస్-సైడల్ అన్నాలో రెండో సెమిస్టర్ 'స్టాటిస్టిక్స్ అండ్ న్యూమరికల్ మెథడ్స్'లో వస్తాయి. విద్యార్థి చదివింది పోలేదు, పక్క సబ్జెక్టు లెక్కలోకి వెళ్లింది. అందుకే పోలిక పట్టిక వేసేటప్పుడు మొదటి ఏడాది గణితం మొత్తాన్ని ఒక గుత్తిగా తీసుకోవాలి. అధ్యాపకుడు చూస్తేనే ఇది తెలుస్తుంది. రిజిస్టర్ చూసే గుమాస్తాకు తెలియాలని ఆశించడం అన్యాయం.

దీనికి గట్టి అభ్యంతరమే ఉంది. ప్రమాణాలు ఒకటి కావు కదా అంటారు. నిజమే, కావు. జేఎన్‌టీయూలో నలభై మార్కులకు పాస్, అన్నాలో యాభై రావాలి. అక్కడ 'ఇ' గ్రేడు, అంటే నలభైకీ నలభై తొమ్మిదికీ మధ్య వచ్చిన మార్కులు, ఇక్కడైతే తప్పినట్టే. అక్షరాలు సైతం మోసం చేస్తాయి. 'ఎ' అంటే అక్కడ ఎనభై నుంచి ఎనభై తొమ్మిది, తొమ్మిది పాయింట్లు. అదే 'ఎ' ఇక్కడ డెబ్బై ఒకటి నుంచి ఎనభై, ఎనిమిది పాయింట్లు. గ్రేడును అక్షరంగానే ఎత్తి ఇక్కడి పట్టికలో పెడితే విద్యార్థికి నష్టం. పాయింటుగా ఎత్తిపెడితే ఎనభై సాధించిన ఇక్కడి పిల్లవాడి కంటే అక్కడ అదే ఎనభై తెచ్చుకున్నవాడు ముందుకు పోతాడు. రెండూ తప్పే. కాబట్టి మినహాయింపు వేరు, గ్రేడు బదిలీ వేరు అని విడగొట్టాలి. యాభై మార్కులకు తక్కువ వచ్చినవారికి మినహాయింపు వద్దు. ఆపైన వచ్చినవారికి క్రెడిట్లు మాత్రం ఇవ్వండి, గ్రేడు తేవద్దు, సీజీపీఏ ఇక్కడ చదివిన సబ్జెక్టులతోనే లెక్కకట్టండి. అప్పుడు ప్రమాణాల అభ్యంతరానికి ఆధారం ఉండదు.

మన కళాశాల పట్టా మన చదువుకే ఉండాలన్నది మరో వాదన. దానికి హద్దు ముందే గీశారు. యూజీసీ 2021 జులైలో తెచ్చిన అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ నిబంధనల ప్రకారం పట్టా ఇచ్చే సంస్థలో కనీసం సగం క్రెడిట్లు సంపాదించి ఉండాలి. జమచేసిన క్రెడిట్లు ఏడేళ్లు చెల్లుతాయి, ఒకసారి వాడినవి మళ్లీ పనికిరావు. మొదటి ఏడాదిలో నాలుగైదు సబ్జెక్టులు మినహాయించినంత మాత్రాన ఆ సగానికి ఏ ముప్పూ లేదు. అయితే ఈ బ్యాంకు వచ్చింది కదా, ఇక ఉత్తరాలెందుకు అనుకునేవారూ పొరబడుతున్నారు. బ్యాంకు క్రెడిట్లను దాచి చూపిస్తుంది, అంతే. ఈ మూడు క్రెడిట్లు ఆ నాలుగు క్రెడిట్ల సబ్జెక్టుకు సాటి అవునా కాదా అని అది చెప్పదు. చెప్పాల్సింది కళాశాలే.

కాదని చెప్పాల్సిన సందర్భాలూ ఉన్నాయి, అక్కడ గట్టిగానే చెప్పాలి. జేఎన్‌టీయూ 2023 రెగ్యులేషన్లలో 'ఇంట్రడక్షన్ టు ప్రోగ్రామింగ్' అంటే సీ భాష. అన్నా 2021లో 'ప్రాబ్లమ్ సాల్వింగ్ అండ్ పైథాన్ ప్రోగ్రామింగ్'. లూపులు, ఫంక్షన్లు రెండింటా ఉన్నాయి కాబట్టి ఒకటేనని వాదించే పట్టికలో పాయింటర్లు, స్ట్రక్చర్లు ఒకవైపు, లిస్టులు, టుపుల్స్, డిక్షనరీలు ఇంకోవైపు విడివిడిగానే మిగిలిపోతాయి. సీ వచ్చినవాడు పైథాన్ తొందరగా పట్టుకుంటాడన్నది నిజం. తొందరగా నేర్చుకోగలగడం, నేర్చుకుని ఉండటం వేర్వేరు. అలాగే తమిళుల వారసత్వం, తమిళులు-సాంకేతికత అన్న రెండు ఒక్కో క్రెడిట్ సబ్జెక్టులకు హద్దు అవతల ఎదురు సబ్జెక్టే లేదు. తెలుగు విద్యార్థి వాటిని చదివి తీరాలి. ఇక్కడి నేల మీద చదువుకుంటున్నవాడికి అది భారమనుకోకూడదు.

ఉత్తరం రాసేవారి వైపు తప్పులూ తక్కువేం కావు. 2020 రెగ్యులేషన్లలో చదివి, ఇంటర్నెట్‌లో ముందు దొరికిందని 2023 సిలబస్ జతచేయడం తరచూ జరిగే పొరపాటు. అధ్యాపకుడు మార్కుల జాబితాలోని సబ్జెక్టు కోడ్ చూడగానే అది బయటపడుతుంది, దాంతో మిగతా పట్టిక మీదా నమ్మకం పోతుంది. యూనిట్ల శీర్షికలు మాత్రమే పక్కపక్కన పెట్టి ఎనభై శాతం సరిపోయిందని రాసేయడం ఇంకొకటి. ఎనభై శాతం దేనిలో, పీరియడ్లలోనా అంశాలలోనా? పట్టికలో ఒక వరుస ఇలా ఉంటే చాలు: ఇక్కడి నాలుగో యూనిట్, సమాకలన గణితం, పన్నెండు పీరియడ్లు, అక్కడ సమానమైన యూనిట్ లేదు, ఈ యూనిట్‌కు హాజరై పరీక్ష రాయడానికి సిద్ధం. లేనిదాన్ని లేదని తానే రాసిన విద్యార్థి మిగతా వరుసల్లో ఉందని రాసినదాన్ని అధ్యాపకుడు నమ్ముతాడు. విశ్వవిద్యాలయం ముద్రించిన సిలబస్‌కు పాత కళాశాల ధ్రువీకరణ, మార్కుల జాబితా, చదివిన రెగ్యులేషన్ సంవత్సరం, వారానికి ఎన్ని గంటలన్న వివరం జతగా ఉండాలి. కళాశాల పంచిన నోట్స్ దీనికి పనికిరాదు.

ఇదంతా చూడటానికి అధ్యాపకులకు తీరిక ఎక్కడిదన్న ప్రశ్నకు జవాబు చెప్పాలి. ఒక జత సిలబస్‌లను ఒక్కసారి పోలిస్తే ఆ రెగ్యులేషన్లు నడిచినంత కాలం అదే పోలిక పనికొస్తుంది. జేఎన్‌టీయూ గణితాన్ని ఈ ఏడాది ఒకరికి చూసిన పట్టిక వచ్చే ఏడాది ఇంకొకరికి సరిపోతుంది. నిర్ణయాలను విభాగంలో ఒక ఫైలుగా దాచుకుంటే రెండో ఉత్తరానికి పట్టే సమయం చాలా తక్కువ. ఒకే పోలిక మీద ఒకరికి ఇచ్చి మరొకరికి నిరాకరించారన్న మాట కూడా రాదు.

గడువు మాత్రం తప్పకూడదు. డెబ్బై అయిదు శాతం హాజరు లేకపోతే పరీక్ష రాయనివ్వరు. ఉత్తరం ఇచ్చి, మినహాయింపు వస్తుందన్న ఆశతో క్లాసు మానేసిన విద్యార్థికి రెండో నెలలో కుదరదని చెబితే అతను ఆ సబ్జెక్టును ఆ సెమిస్టర్‌లో పోగొట్టుకున్నట్టే. భయపడి క్లాసుకు వెళ్తూనే ఉంటే మినహాయింపు వచ్చినా అతనికి మిగిలేదేమీ లేదు. అందువల్ల తరగతులు మొదలైన రెండు వారాల్లోపు నిర్ణయం రావాలి. అంతవరకు హాజరు తప్పనిసరని ఉత్తరం అందుకున్న రోజునే చెప్పాలి. జవాబులో ఏ యూనిట్లు సరిపోయాయి, ఏవి సరిపోలేదు, మిగిలినవాటికి ఎన్ని పీరియడ్లు, ఏ పరీక్ష అన్నవి ఉండాలి. నిరాకరిస్తే ఏ యూనిట్ దగ్గర నిరాకరించారో పేరుపెట్టి రాసి, కింద ఆ అధ్యాపకుడు సంతకం చేయాలి.