ఇల్లు ట్రస్టులో పెడితే తగవు తీరుతుందా?

బామ్ని, బల్లార్‌పూర్ వైపు మన తెలుగు ఇళ్లలో పెద్దవాళ్లు కూర్చుంటే ఈమధ్య ఈ మాట వస్తోంది: "ఇల్లు ప్రైవేటు ట్రస్టులో పెట్టేద్దాం, రేపు పిల్లలు కొట్టుకోరు, ఇల్లు తరతరాలు నిలుస్తుంది." కొడుకు పుణెలో, కూతురు హైదరాబాదులో, ఇంకొకరు దేశం బయట ఉంటే ఆ భయం సహజమే. కానీ ఉన్నది ఒక్క ఇల్లే అయిన కుటుంబానికి ఈ మందు చాలాసార్లు జబ్బు కంటే బరువవుతుందని మేమంటాం.

ముందు ఒక ప్రశ్న అడగాలి. ఆ ఇల్లు ఎవరిది? గ్రామపంచాయతీ ఇచ్చే నమూనా 8 కాగితం చూపించి "మా నాన్న పేరు మీదే ఉంది" అంటారు. అది ఇంటిపన్ను ఎవరు కట్టాలో చెప్పే కాగితం, హక్కు పత్రం కాదు. తాత పేరు నుంచి మారని ఇంటిని తండ్రి ట్రస్టుకు రాసిస్తే, తనది కానిది కూడా రాసిచ్చినట్టే.

ఇల్లు తండ్రి స్వార్జితమైతే ఆయన ఇష్టం. పిత్రార్జితమైతే ఆడబిడ్డలకు అందులో పుట్టుకతోనే హక్కు ఉంది. ఈ విషయంలో మన తెలుగువాళ్లే ముందున్నారు. ఆంధ్రప్రదేశ్‌లో ఆ హక్కు 1985 నుంచి అమలైంది, మహారాష్ట్రలో 1994లో వచ్చింది, దేశమంతటికీ 2005లో. 2005 నాటికి తండ్రి బతికి ఉండనక్కర్లేదని సుప్రీంకోర్టు 2020లో తేల్చేసింది కూడా. అయినా కొన్ని ఇళ్లలో ట్రస్టు మాట ఎందుకు లేస్తోందో మనందరికీ తెలుసు. పెద్దకొడుకును ట్రస్టీగా పెట్టి, "ఇల్లు అందరిదీ" అని రాసి, అక్కచెల్లెళ్ల వాటాను తాళం వేసి ఉంచడానికి. దాన్ని వారసత్వ ప్రణాళిక అనకండి. ఆడబిడ్డ సంతకం లేకుండా ఆమె వాటా ట్రస్టులోకి పోదు. రేపు ఆమె కోర్టుకు వెళ్తే, తగవు రాకూడదని రాసుకున్న కాగితమే తగవుకు మొదటి సాక్ష్యం అవుతుంది.

ఇక ఖర్చు. 1882 నాటి ట్రస్టుల చట్టం ప్రకారం, బతికుండగా స్థిరాస్తిని ట్రస్టులో పెట్టాలంటే రాతపూర్వక పత్రం ఉండాలి, దానికి రిజిస్ట్రేషన్ జరగాలి. మహారాష్ట్రలో నివాసపు ఇంటిని కొడుకుకో కూతురికో బహుమతిగా ఇస్తే స్టాంపు 200 రూపాయలు, స్థానిక సెస్సు ఉంటే అది అదనం. ఆ రాయితీ మనుషులకు, ఆ బంధుత్వాలకు. ట్రస్టుకు రాసిస్తే ప్రభుత్వ విలువ మీద శాతం లెక్క. ఇంటి విలువ 60 లక్షలనీ, స్టాంపు ఐదు శాతమనీ అనుకుంటే 3 లక్షలు. వీలునామాకు స్టాంపు అసలే లేదు. పైగా చంద్రపూర్ జిల్లాలో వీలునామాకు ప్రొబేటు తప్పనిసరి కాదు.

"తరతరాలు" అన్న మాట కూడా అబద్ధమే. ఇప్పుడు బతికున్నవాళ్ల జీవితకాలం, ఆపైన పుట్టబోయే వారసుడి మైనారిటీ తీరేవరకు, అంతకుమించి ఆస్తిని కట్టిపెట్టడానికి చట్టం ఒప్పుకోదు. అప్పులవాళ్ల నుంచి కాపాడుతుందంటారా? వాళ్లను ఎగ్గొట్టాలని రాసిచ్చిన బదిలీని కోర్టు కొట్టేయగలదు.

మరి ట్రస్టు ఎక్కడ కావాలి? తన వ్యవహారం తాను చూసుకోలేని బిడ్డ ఇంట్లో ఉన్నప్పుడు. తల్లిదండ్రులు పోయాక ఆ బిడ్డ వాటాను బిడ్డ పేరు మీదే పెడితే ఎవరైనా వేలిముద్ర వేయించుకోవచ్చు. అన్న పేరు మీద పెడితే అన్న మంచితనమే దిక్కు. ట్రస్టులో అయితే ఆ బిడ్డ బతికున్నన్నాళ్లు ఆ ఇంట్లో ఉండాలని, వైద్యానికి తప్ప అమ్మకూడదని, ఆ తర్వాత ఎవరెవరికి ఎంతెంత అని రాసిపెట్టవచ్చు. ట్రస్టీ దారి తప్పితే బిడ్డ తరఫున కోర్టులో నిలదీయవచ్చు. ఇక్కడ 3 లక్షలు దండగ కాదు.

అప్పుడు కూడా ట్రస్టీలు ఇద్దరుండాలి, ఒకరు ఊళ్లోనే ఉండేవాళ్లు కావాలి. ఇంటితోపాటు కొంత డబ్బు కూడా పెట్టాలి. ఉట్టి ఇల్లు పన్ను కట్టుకోదు, కారే కప్పు మార్చుకోదు. ట్రస్టీ తన జేబులోంచి పెట్టిన రోజు నుంచే ఇల్లు తనదన్నట్టు మాట్లాడడం మొదలవుతుంది. ఒక ట్రస్టీ పోతే తర్వాత ఎవరో కూడా పత్రంలోనే ఉండాలి. మరో మాట, అద్దె వచ్చే ఇల్లయితే ఎవరి వాటా ఎంతో రాయాలి. అది ట్రస్టీ ఇష్టానికి వదిలేస్తే ఆదాయపు పన్ను సాధారణంగా గరిష్ఠ రేటులో పడుతుంది.

చాలామందికి తెలియని దారి ఒకటుంది. ట్రస్టును వీలునామాలోనే రాయవచ్చు. బతికున్నన్నాళ్లు ఇల్లు మీ చేతిలోనే ఉంటుంది, మనసు మారితే తిరగరాసుకోవచ్చు, స్టాంపు పడదు. మీరు పోయాకే ట్రస్టు లేస్తుంది. లోటు ఒకటే, మీరు మంచాన పడి మతి తప్పితే ఆ మధ్యకాలానికి అది పనికిరాదు. వీలునామా మీద లేచే తగవులు దీనికీ ఉంటాయి. అందుకే సాక్షులుగా వాటాదారులు కాని ఇద్దరిని పెట్టి, రిజిస్టరు చేయించండి. ఆడబిడ్డల్ని పిలిచి, వాళ్ల ముందే చదివి వినిపించండి.