క్రానిక్ అంటే ముదిరిందని కాదు

వైద్యుడు రాసిన చీటీని, ల్యాబు ఇచ్చిన రిపోర్టును ఇంటికి తెచ్చుకుని, అందులోని మాటలకు తెలుగులో అర్థం వెతుక్కోవడం తప్పని కొందరు వైద్యులు అంటారు. నేను ఆ మాట అనను. తన శరీరం గురించి రాసిన కాగితాన్ని తన భాషలో చదువుకునే హక్కు ప్రతి రోగికీ ఉన్నది. అయితే ఒక్కొక్క ఆంగ్ల పదానికి పక్కన ఒక్కొక్క తెలుగు పదం పెట్టుకుంటూ పోతే అర్థం చేతికి రాదు; చాలాసార్లు దానికి బదులుగా భయమే చేతికొస్తుంది. ఏ మాటను వెతకాలి, దొరికిన అర్థాన్ని ఎలా చదవాలి అన్నది ఒకే ఒక్క ఉదాహరణతో మీకు వివరిస్తాను.

ఒక రోగిని ఊహించుకోండి. వయస్సు 58 సంవత్సరాలు, పురుషుడు. పదేళ్ళుగా మధుమేహం, దానికి తోడు మోకాళ్ళ నొప్పులు. మూడు నెలల వ్యవధిలో రెండుసార్లు పరీక్షలు చేయించారు. రెండుసార్లూ ఫలితం ఇంచుమించు ఒకటే: సీరమ్ క్రియాటినిన్ 1.6, ఈజీఎఫ్‌ఆర్ 50, మూత్రంలో ఆల్బుమిన్ కొద్దిగా ఎక్కువ. వైద్యుడు చీటీ మీద మూడు సంగతులు రాశారు. పైన 'సీకేడీ స్టేజ్ 3ఏ' అన్నారు. మధ్యలో టెల్మిసార్టాన్ 40 అనే మాత్ర, దాని పక్కన 'ఓడీ' అని ఉన్నది. అడుగున చిన్న అక్షరాలతో 'ఎన్‌ఎస్‌ఏఐడీలు వాడరాదు' అన్న ఆంగ్ల వాక్యం ఉన్నది.

ఇంట్లోవారు ముందుగా వెతికేది పైనున్న మాటనే. సీకేడీ అంటే క్రానిక్ కిడ్నీ డిసీజ్. తెలుగులో 'దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధి' అని దొరుకుతుంది. దీర్ఘకాలికం అంటే ముదిరిపోయిందని, మూడో స్టేజీ అంటే ఇక ఎక్కువ దూరం లేదని అనుకుంటారు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతపు కిడ్నీ రోగుల వార్తలు ఏళ్ళ తరబడి చదివినవారికి కిడ్నీ అన్న మాటే డయాలసిస్‌ను కళ్ళ ముందు నిలుపుతుంది. ఆ రాత్రి ఇంట్లో ఎవరికీ నిద్ర పట్టదు. అడుగున ఉన్న చిన్న వాక్యాన్ని మాత్రం ఎవరూ వెతకరు. నిజానికి ఆ ఇంటివారు ఆ రోజే తెలుసుకోవలసిన మాట అది.

ముందుగా పై మాటనే చూద్దాం. 'క్రానిక్' అన్నది కాలాన్ని సూచించే గ్రీకు మాట నుంచి వచ్చింది. వ్యాధి ఎంత పెద్దదో అది చెప్పదు. ఎంతకాలంగా ఉన్నదో మాత్రమే చెబుతుంది. మూత్రపిండాల విషయంలో మూడు నెలలకు మించి ఉన్న లోపాన్ని క్రానిక్ అంటారు. అందుకే ఒక్కసారి చేసిన పరీక్షతో ఆ మాట రాయకూడదు. దీనికి ఎదురు మాట 'అక్యూట్'. దానిని పత్రికలు 'తీవ్రమైన' అని అనువదిస్తాయి. నిజానికి దాని భావం 'అకస్మాత్తుగా వచ్చిన' అని. అకస్మాత్తుగా వచ్చినది తేలికైనది కావచ్చు, ప్రాణాంతకమూ కావచ్చు. చాలాకాలంగా ఉన్నదీ అంతే. కాబట్టి ఈ రెండు మాటలు కనిపించినప్పుడు 'ఎంత ఎక్కువ' అని కాక 'ఎప్పటి నుంచి' అని చదువుకోండి.

ఇక స్టేజీ. క్యాన్సర్ గురించి విన్న స్టేజీలను ఇక్కడికి తేకూడదు. క్యాన్సర్‌లో స్టేజీ అంటే అది ఎంతవరకు పాకిందన్న లెక్క. మూత్రపిండాలలో స్టేజీ అంటే వడపోత ఎంత మిగిలి ఉన్నదన్న లెక్క. ఆరోగ్యంగా ఉన్న యువకులలో ఈ వడపోత నిమిషానికి సుమారు 100 మిల్లీలీటర్లు, కొందరిలో అంతకంటె ఎక్కువ. అది 45 నుంచి 59 మధ్య ఉంటే 3ఏ, 30 నుంచి 44 మధ్య ఉంటే 3బీ, 15 నుంచి 29 వరకు నాలుగు, 15 కంటె తగ్గితే ఐదు. డయాలసిస్ ప్రస్తావన సాధారణంగా ఆ చివరి మెట్టు దగ్గర వస్తుంది. మన రోగికి 50 ఉన్నది. అంటే వడపోత సుమారు సగం మిగిలి ఉన్నది. జాగ్రత్త తీసుకుంటే ఈ మెట్టు మీదే ఏళ్ళ తరబడి నిలిచేవారు ఎందరో ఉన్నారు.

ఈ 50 అన్న అంకె ఎక్కడి నుంచి వచ్చింది? క్రియాటినిన్ అనేది మన కండరాలలో రోజూ పుట్టే వ్యర్థం. మూత్రపిండాలు దానిని బయటకు పంపాలి. అవి మందగిస్తే అది రక్తంలో మిగిలిపోతుంది. ఆ మిగిలినదానిని, వయస్సును, స్త్రీయా పురుషుడా అన్నదానిని లెక్కలో వేసి వడపోత వేగాన్ని అంచనా కడతారు. ఈజీఎఫ్‌ఆర్‌లోని మొదటి అక్షరం 'ఎస్టిమేటెడ్' అన్న మాటది, అంటే అంచనా అని. కొలిచినది కాదు, కట్టినది.

దీనివల్ల మీకు ఉపయోగపడే సంగతి ఒకటి ఉన్నది. 75 ఏళ్ల స్త్రీకి క్రియాటినిన్ 1.1 ఉన్నదనుకోండి. చాలా ల్యాబులలో ఆ అంకె పక్కన ఏ గుర్తూ ఉండదు, 'నార్మల్' కిందనే పోతుంది. ఇప్పుడు వాడుకలో ఉన్న సూత్రంతో లెక్క కడితే ఆమె వడపోత సుమారు 52 మాత్రమే. వయస్సు మీరి కండ తగ్గినవారిలో వ్యర్థమే తక్కువగా పుడుతుంది కాబట్టి అంకె చిన్నగా కనిపిస్తుంది. నల్లగా ముద్రించిన అంకెలు లేవని రిపోర్టును పక్కన పెట్టకండి. పెద్దల రిపోర్టులో క్రియాటినిన్ ఒక్కటే ఉంటే, ఈజీఎఫ్‌ఆర్ ఎంత అని వైద్యుణ్ణి అడగండి.

ఆల్బుమిన్ అన్న మాటకు 'ఒక రకం ప్రోటీన్' అని తెలుగు దొరుకుతుంది. ప్రోటీన్ మంచిదే కదా అని సంతోషించేవారు కూడా ఉన్నారు. రక్తంలో ఉంటే మంచిదే; మూత్రంలోకి వస్తున్నదంటే కారుతున్నదని అర్థం. పాలు వడగట్టే గుడ్డను తలచుకోండి. గుడ్డలో నుంచి పాలు ఎంత వేగంగా దిగుతున్నాయన్నది ఒక ప్రశ్న, గుడ్డకు చిరుగులు ఉన్నాయా అన్నది మరొక ప్రశ్న. ఈజీఎఫ్‌ఆర్ మొదటిదానికి జవాబు, ఆల్బుమిన్ రెండవదానికి. ఒకటి బాగున్నంత మాత్రాన రెండవది బాగున్నట్టు కాదు.

ఇప్పుడు మాత్ర సంగతి. 'ఓడీ' అంటే రోజుకు ఒకసారి. టెల్మిసార్టాన్ అని వెతికితే 'రక్తపోటు మందు' అని వస్తుంది. 'మా నాన్నగారికి బీపీ లేదు కదా, ఈ మందెందుకు?' అని మాత్ర ఆపివేసే ఇళ్ళు ఉన్నాయి. ఒక మందుకు దొరికే మొదటి అర్థం దాని ప్రసిద్ధమైన ఉపయోగమే తప్ప ఏకైక ఉపయోగం కాదు. ఈ మందు మూత్రపిండాల లోపలి ఒత్తిడిని కూడా తగ్గించి, ఆల్బుమిన్ కారడాన్ని తగ్గిస్తుంది. ఇది మొదలుపెట్టిన కొత్తలో క్రియాటినిన్ కొద్దిగా పెరగవచ్చు, పొటాషియం కూడా పెరగవచ్చు. అందుకే కొన్ని వారాలలో మళ్ళీ రక్తపరీక్ష అడుగుతారు. మందుకు, దొరికిన అర్థానికి పొత్తు కుదరలేదనిపిస్తే మందు ఆపకండి. 'ఇది నాకెందుకు రాశారు?' అని అడగండి.

చివరికి అడుగున ఉన్న ఆ చిన్న వాక్యం. ఎన్‌ఎస్‌ఏఐడీలు అంటే నొప్పిని, వాపును తగ్గించే ఒక మందుల కుటుంబం. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్, నాప్రోక్సెన్ ఆ కుటుంబంలోవే. మూత్రపిండాలలోకి రక్తం తెచ్చే సన్నని నాళాలు తెరుచుకుని ఉండడానికి శరీరం కొన్ని పదార్థాలను తయారుచేసుకుంటుంది. ఈ మందులు వాటికి అడ్డుపడతాయి. ఆరోగ్యవంతుడు రెండు రోజులు వాడితే సాధారణంగా తట్టుకుంటాడు. వడపోత సగానికి పడినవాడు, అందులోనూ టెల్మిసార్టాన్ వంటి మందు వాడుతున్నవాడు, మోకాళ్ళ నొప్పికని రోజూ వేసుకుంటే మిగిలిన సగం కూడా పోవచ్చు.

చిక్కేమిటంటే, చీటీ మీద కుటుంబం పేరు ఉంటుంది, మందుల దుకాణంలో కొనే అట్ట మీద కంపెనీ పెట్టిన పేరు పెద్దగా ఉంటుంది. ఆ రెండింటికీ పోలిక కనిపించదు. కాబట్టి పెద్ద పేరును వదిలి, దాని కింద చిన్న అక్షరాలలో ఉన్న అసలు మందు పేరు చదవండి. పారాసెటమాల్ మాత్రమే ఉంటే అది ఈ కుటుంబానికి చెందదు. కానీ పారాసెటమాల్‌తో ఎసిక్లోఫెనాక్ కలిపిన మాత్రలు కూడా అమ్ముతారు. అందుచేత ఒక పేరు చూసి ఆగిపోక చివరి వరకు చదవాలి. ఈ రోగి ఇంట్లో ఆ సాయంత్రమే మోకాళ్ళ నొప్పి మాత్రల అట్ట తీసి చూసి ఉంటే, వెతకడానికి పెట్టిన సమయమంతా సార్థకమయ్యేది.

కనుక నా సలహా ఇది. పదానికి పదం రాసుకోకండి. కాగితం మీదున్న ఒక్కొక్క వరుసను మీ సొంత తెలుగులో ఒక పూర్తి వాక్యంగా రాయండి. ఏ అవయవం, దానికి ఏమైంది, ఎప్పటి నుంచి, ఎంత మేరకు, దానికి నేనేం చేయాలి అన్నవి అందులో ఉండాలి. మన ఉదాహరణకు ఆ వాక్యం ఇలా ఉంటుంది: 'నాన్నగారి మూత్రపిండాలు కనీసం మూడు నెలలుగా సుమారు సగం వేగంతో వడపోస్తున్నాయి, కొద్దిగా ఆల్బుమిన్ కారుతున్నది, రోజుకు ఒక మాత్ర ఆ కారడాన్ని తగ్గించడానికి, ఇంట్లో ఉన్న మోకాళ్ళ నొప్పి మాత్ర మాత్రం మానాలి.' ఏ ఖాళీ నింపలేకపోయారో అదే వైద్యుణ్ణి అడగవలసిన ప్రశ్న. ఈ వాక్యం రాసిన కాగితాన్ని ఆయన ముందు పెట్టి 'సరిగా రాశానా?' అని అడగండి. రెండు నిమిషాల పని అది.

ఒక హద్దు కూడా చెప్పాలి. మూత్రం బాగా తగ్గిపోయినా, ముఖం, పాదాలు ఉబ్బినా, ఆగని వాంతులైనా, పడుకుంటే ఆయాసం వస్తున్నా అర్థాలు వెతుకుతూ కూర్చోకండి, ఆసుపత్రికి వెళ్ళండి.

ఇక నాతోటి వైద్యులకూ, ల్యాబులు నడిపేవారికీ ఒక మాట. అంకె పక్కన నక్షత్రం గుర్తు వేయడం మనకు తెలుసు. 'వాడరాదు' అన్న వాక్యాన్ని తెలుగులో, చీటీ అడుగున కాక పైన, ఆపవలసిన మందు పేరుతో సహా రాయడానికి అదనంగా పట్టేది ఒక్క వరుస సిరా మాత్రమే.